చిత్తు పుస్తకంలో నాలుగు శాతం

శౌరయ్య కూడికలో తప్పు లేదు. ఆ సంగతి ముందే చెప్పుకోవాలి. తీసివేతలో తప్పు లేదు, వడ్డీ కట్టడంలో అసలే లేదు. లెక్క తప్పి ఇల్లు పోతే నలుగురి దగ్గరా కూర్చుని ఏడవొచ్చు. ఇంత శుభ్రంగా కట్టిన లెక్క వల్లే పోతే ఏ మొహం పెట్టుకుని ఏడుస్తాం?

పంతొమ్మిది వందల డెబ్భై మూడు నాటికి శౌరయ్య బెజవాడ రిజిస్ట్రారు ఆఫీసు ముందు రేకుల పంచన కూర్చుని దస్తావేజులు రాయడం మొదలుపెట్టి పద్నాలుగేళ్లయింది. ముత్యాల్లాంటి దస్తూరి. హద్దులు రాస్తే కొలతలో జానెడు తేడా రాదు. ఎవరి భూమి ఎవరికి ఎంతకు చేరిందో ఊళ్లో అందరికంటే ముందు తెలిసేది ఆయనకే. ఇన్ని వేల ఇళ్లు చేతులు మార్చిన మనిషికి సొంతిల్లు లేదు. పటమటలో వెంకటరత్నమ్మగారి పెంకుటింట్లో నెలకు నూట పాతిక అద్దె కట్టుకుంటూ ఆరేళ్లుగా ఉంటున్నాడు.

ఆయన భార్య ఎలిజబెత్ గుణదల మిషన్ బడిలో టీచరు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ ఇంటికి ముందు నాలుగిళ్లు మారింది. ఖాళీ చేయమన్న ప్రతిసారీ కొత్త గుమ్మం ముందు నిలబడి పేరు చెప్పాలి. ఎలిజబెత్ అనగానే అవతలివాళ్ల మొహంలో ఏదో తలుపు మూసుకునేది. "మాంసం వండుతారేమో కదమ్మా" అని కొందరు అడిగి లేదనేవారు, అడగకుండానే కొందరు లేదనేవారు. వెంకటరత్నమ్మ మాత్రం అవేమీ అడగలేదు. "బడి పంతులమ్మవా? సరే, వచ్చి ఉండు" అంది. ఆ ఒక్క మాటకి ఎలిజబెత్ ఆవిడకి జన్మంతా దాసోహం అనడానికి సిద్ధంగా ఉండేది.

ఆ ఏడు ఈస్టరు వెళ్లిన రెండో ఆదివారం, వీళ్లు గుణదల చర్చిలో పూజ చూసుకుని వచ్చేసరికి వెంకటరత్నమ్మ అరుగు మీద కూర్చుని ఉంది.

"శౌరయ్యగారూ, ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నానండీ. మా అన్నయ్య ఉయ్యూరు దగ్గర చెరుకు పొలం బేరం చూశాడు. ఇంకా మనసు పూర్తిగా ఒప్పుకోవడం లేదనుకోండి. అమ్మడమంటూ జరిగితే ముప్పై వేలు. ముందు మీకు చెప్పడం ధర్మం కదా అని వచ్చాను."

ఎలిజబెత్ చేతిలో ఇంటి తాళం చెవి ఉంది. తలుపు తీయడం మరిచిపోయి అలాగే నిలబడిపోయింది.

"పది రోజులు టైమివ్వండి మామ్మగారూ. లెక్క చూసుకుని చెబుతాను" అన్నాడు శౌరయ్య.

"లెక్కేమిటండీ, కొనుక్కుందాం" అంది ఎలిజబెత్ లోపలికి రాగానే. "బ్యాంకులో పది వేలున్నాయి. మిగతాది అప్పిస్తారన్నారు కదా మీ కోఆపరేటివ్ బ్యాంకు వాళ్లు."

"ఇస్తారు. ఇరవై వేలు, పది శాతం వడ్డీ, పదిహేనేళ్లు. నెలకి రెండొందల పదిహేను చొప్పున కట్టాలి. కట్టలేమని నేననడం లేదు. కట్టడం లాభమా కాదా అన్నది చూడాలి."

"సొంతిల్లు లాభమా అని చూస్తారా ఎవరన్నా?"

"చూడరు. అందుకే మునుగుతారు" అన్నాడు శౌరయ్య. ఆయన గొంతులో ఉన్న ఆ ధీమాకి ఎలిజబెత్ తల ఊపి వంటింట్లోకి వెళ్లింది. ఆవిడ జీతంలోంచి రూపాయి రూపాయి కూడబెట్టిన ఆ పది వేలనీ కాపాడుతూ వచ్చింది ఆయన లెక్కలే. ఊళ్లో రెండు చిట్టీ కంపెనీలు మునిగినప్పుడు వీళ్ల డబ్బు వాటిలో లేదంటే ఆయన పుణ్యమే.

మధ్యాహ్నం భోజనమయ్యాక తెల్ల కాగితం తీసుకుని కూర్చున్నాడు. ఎలిజబెత్ పక్కన కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు నటిస్తోంది.

"చూడు. అద్దెకుంటే ఏడాదికి పదిహేను వందలు పోతుంది. అంతే. కొన్నామనుకో, అప్పు వడ్డీ ఏడాదికి రెండు వేలు. అసలు కట్టేది మన ఇంట్లోకే పోతుంది కాబట్టి ఖర్చు కాదు, దాన్ని వదిలేశాను. మన పది వేలూ బ్యాంకులో ఉంటే ఏడు శాతం చొప్పున ఏడు వందలు వస్తున్నాయి. ఇంట్లో పెడితే అవి రావు. అది కూడా ఖర్చే. ఇంటి పన్ను, సున్నం, పెంకు సర్దడం, కలిపి నాలుగు వందలు. స్టాంపులూ రిజిస్ట్రేషనూ రెండు వేలు, పదేళ్లకు పంచితే ఏడాదికి రెండు వందలు. ఎంతయింది?"

"మూడు వేల మూడు వందలు" అంది ఎలిజబెత్ చటుక్కున. టీచరు కదా.

"అద్దె తీసేస్తే పద్దెనిమిది వందలు ఎక్కువ. ముప్పై వేల మీద పద్దెనిమిది వందలంటే ఆరు శాతం. అంటే ఈ ఇంటి ధర ఏడాదికి ఆరు శాతం కంటే ఎక్కువ పెరిగితే కొనడం చవక. తక్కువ పెరిగితే అద్దె చవక. మొత్తం కథ ఇంతే."

"అద్దె పెంచుతారు కదండీ?"

"పెంచుతారు. ఇల్లు మనదైతే పన్నూ మరమ్మతూ కూడా ఏటేటా పెరుగుతాయి. ఇంచుమించు ఒకదానికొకటి చెల్లు."

కాగితం మీద గీసిన ఆ గీతలు చూస్తుంటే ఎలిజబెత్‌కి మొగుడి మీద గౌరవమే కలిగింది. నిజం చెప్పాలంటే బెజవాడలో ఇల్లు కొనేవాళ్లలో వందకి తొంభై మంది ఈ లెక్క సగం కూడా వేయరు. సొంత డబ్బు పోగొట్టుకునే వడ్డీని ఖర్చు కింద రాసిన వాణ్ణి ఆ రోజుల్లో వెతికినా పట్టుకోలేం. శౌరయ్య అంత తెలివిగలవాడు. అదే ఆయన కొంప ముంచింది.

"మరి ధర ఎంత పెరుగుతుందో మనకేం తెలుసండీ?" అంది.

శౌరయ్య నవ్వాడు. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నవాడిలా లేచి, ట్రంకు పెట్టెలోంచి అట్టలు ఊడిపోయిన పుస్తకాలు ఏడెనిమిది తీసి బల్ల మీద పడేశాడు. రాసిన ప్రతి దస్తావేజుకీ ఆయన దగ్గర చిత్తు ఉంటుంది. పేర్లు, హద్దులు, సొమ్ము, తేదీ, అన్నీ. పాత దస్తావేజు ముందు పెట్టుకుని కొత్తది రాస్తాడు కాబట్టి, ఆ ఇల్లు అంతకు ముందు ఎంతకు అమ్ముడైందో కూడా పక్కన రాసిపెట్టుకునే అలవాటు.

"ఊళ్లో వాళ్లు ఊరికే అంటారు, రెట్టింపయింది, మూడింతలయిందని. గాలి మాటలు. ఇది చూడు. కృష్ణలంకలో ఇల్లు, అరవై రెండులో తొమ్మిదిన్నర వేలు, నిరుడు పద్నాలుగు వేలు. సత్యనారాయణపురంలో ఇల్లు, ఎనిమిది వేలది పదేళ్లకి పన్నెండు వేలు. చక్రవడ్డీ కట్టి చూశాను. నాలుగు శాతం, అటూ ఇటుగా. ఏ ఇల్లు తీసుకున్నా నాలుగే. ఇవి ఎవరో చెప్పిన మాటలు కాదు. రికార్డు."

రికార్డు అన్న మాట వినేసరికి ఎలిజబెత్ మిగతాది మనసులోనే కట్టేసింది. నాలుగు శాతమంటే పన్నెండు వందలు. పద్దెనిమిది వందల్లో పన్నెండు వందలు పోగా, ఇల్లు కొంటే ఏడాదికి ఆరు వందల నష్టం. శౌరయ్య కాగితం అడుగున "అద్దె వల్ల మిగులు రూ. 600" అని రాసి కింద రెండు గీతలు గీశాడు.

"ఆ ఆరు వందలూ బ్యాంకులో వేసుకుంటూ పోదాం. పదేళ్లకి చూడు" అన్నాడు.

ఎలిజబెత్ ఆ కాగితం మడిచి బైబిల్లో పెట్టుకుంది. సాయంత్రం దొడ్లో బట్టలు తీస్తూ కాసేపు ఏడ్చింది. ఆయనకు కనిపించకుండానే ఏడ్చింది. లెక్కకి ఎదురు చెప్పడం ఆవిడకి రాదు.

మర్నాడు శౌరయ్య వెంకటరత్నమ్మకి కొననని చెప్పాడు. చెప్పి ఊరుకుంటే బాగుండేది. మంచివాడు కదా, లెక్క కూడా విప్పి చెప్పాడు. "మీ ఇల్లు మీకు అద్దె కింద అయిదు శాతం ఇస్తోందండీ. ధర నాలుగు పెరుగుతోంది" అని వేళ్ల మీద ఎంచి చూపించాడు. ఆవిడ శ్రద్ధగా విని, తల ఊపి, వెళ్లిపోయింది. వారం తిరక్కుండా ఆటోనగర్‌లో లారీ స్పేరుపార్టుల షాపు ఉన్న మాణిక్యం అనే ఆయనతో బేరం కుదిరింది. అగ్రిమెంటు రాయించుకోవడానికి ఇద్దరూ వచ్చింది శౌరయ్య దగ్గరికే. ముప్పై వేలు, అయిదు వేలు అడ్వాన్సు, మాట తప్పినవారు రెట్టింపు ఇచ్చుకోవాలి అని పకడ్బందీగా రాసిచ్చాడు. తనకి ఇష్టం లేక వదులుకున్న వస్తువు కాబట్టి కలం ఎక్కడా ఆగలేదు.

మూడు వారాల తరవాత, బుధవారం పదకొండు గంటలకి, క్రయ దస్తావేజు రాయించుకోవడానికి వచ్చారు. రేకులు అప్పటికే కాలిపోతున్నాయి. మాణిక్యం సోడాలు తెప్పించాడు. స్టాంపు కాగితాలు బల్ల మీద పరిచి, శౌరయ్య అలవాటు ప్రకారం అడిగాడు.

"సొమ్ము ఎంత వేయమంటారు?"

"పదహారు వేయండి. పక్కింటి దస్తావేజులో పదిహేనున్నర వేశారట, మీరే రాశారంట కదా. దానికంటే ఓ అయిదొందలు ఎక్కువుంటే ఎవరూ అడగరు" అన్నాడు మాణిక్యం.

ఇందులో వింత ఏమీ లేదు. అగ్రిమెంటు ఒకటి అసలు సొమ్ముతో రాసుకుని పెట్టెలో దాచుకుంటారు. దస్తావేజు సగం సొమ్ముతో రాసి సర్కారుకి చూపిస్తారు. స్టాంపు ఖర్చు తగ్గుతుంది, పన్నుల వాళ్ల కంట పడకుండా ఉంటుంది. పద్నాలుగేళ్లుగా శౌరయ్య చేస్తున్న పనే ఇది. ఇంటికెళ్లి, ఇవాళ ఫలానా వాడు పాతిక వేల ఇంటికి పన్నెండు వేయించాడే అని ఎలిజబెత్‌తో చెప్పి నవ్విన రోజులెన్నో ఉన్నాయి.

వెంకటరత్నమ్మ పాత దస్తావేజు సంచిలోంచి తీసి ఇచ్చింది. శౌరయ్య మడతలు విప్పి చూశాడు. పంతొమ్మిది వందల అరవై మూడు, రూపాయలు పదకొండు వేలు. అలవాటు కొద్దీ మనసులో చక్రవడ్డీ కట్టాడు. పదకొండు వేలు పదేళ్లకి పదహారు వేలు. నాలుగు శాతం, అటూ ఇటుగా. తన లెక్క మళ్లీ సరిపోయినందుకు ఒక్క క్షణం సంతోషం కూడా కలిగింది పాపం.

అప్పుడు వెంకటరత్నమ్మ నవ్వింది.

"ఆ రోజుల్లో మా ఆయన పన్నెండు వేలు ఇచ్చి పదకొండు వేయించారండీ. వెయ్యి దాచినందుకే రాత్రుళ్లు నిద్ర పట్టలేదు ఆయనకి, ఎవరన్నా వచ్చి పట్టుకుంటారేమోనని. ఇప్పుడు చూడండి, పద్నాలుగు వేలు దాచేసి సోడా తాగుతున్నారు."

మాణిక్యం కూడా నవ్వాడు. "రోజులు మారాయి కదమ్మా."

శౌరయ్య నవ్వలేదు. పన్నెండు వేలు. ముప్పై వేలు. పదేళ్లు. కలం మూత పెట్టడం మరిచిపోయి బల్ల మీద పెట్టాడు. పక్కనున్న చెత్త కాగితం లాక్కుని వేశాడు. తొమ్మిదిన్నర శాతం పైన వచ్చింది. మళ్లీ వేశాడు. అదే వచ్చింది. ఆరు దాటితే కొనడం చవక అని తనే చెప్పాడు. తొమ్మిదిన్నరంటే ఏడాదికి రెండు వేల ఎనిమిది వందల పై మాట. ఖర్చు పద్దెనిమిది వందలు పోను వెయ్యి రూపాయలు లాభం.

కృష్ణలంక ఇల్లు గుర్తొచ్చింది. పద్నాలుగు వేలని రాసిన ఆ ఇంటికి చేతులు మారింది ఇరవై నాలుగు వేలు, కట్టలు లెక్కపెట్టింది తన బల్ల మీదే. సత్యనారాయణపురం ఇల్లు గుర్తొచ్చింది. ఏడాదికేడాదీ జనం దాచే సొమ్ము పెరుగుతూ వచ్చింది. ధర పెరిగేకొద్దీ ఎక్కువ దాచారు, రికార్డులో మాత్రం నిదానంగా, మర్యాదగా నాలుగు శాతం పెరిగింది. ఆ నాలుగు శాతాన్ని పుట్టించింది ఎవరు? పక్కింటి పదిహేనున్నర చూసి ఈ ఇంటికి పదహారు వేసిన చెయ్యి ఎవరిది? ఊరంతా సర్కారుని మోసం చేయడానికి రాయించుకున్న అంకెల్ని ఇంటికి పట్టుకెళ్లి, భార్య ముందు పరిచి, రికార్డు అన్నాడు. మోసపోయింది సర్కారు ఒక్కటే కాదు. నమ్మినవాడు ఇంకొకడున్నాడు, రాసినవాడే.

"మామ్మగారూ, ఒక్క మాట" అంటూ ఆవిణ్ణి పంచ చివరికి పిలిచాడు. "ఆ ముప్పై వేలూ నేనే ఇస్తానండీ. ఇంకో వెయ్యి కూడా ఇస్తాను. మాణిక్యంగారికి ఏదో ఒకటి చెప్పి..."

వెంకటరత్నమ్మ ఆయన మొహం వంక వింతగా చూసింది.

"అదేమిటండీ! రెట్టింపు ఇవ్వాలని మీరే రాశారు కదా అగ్రిమెంటులో. పది వేలు నేనెక్కడ తెచ్చేది? అడ్వాన్సు పొలానికి కట్టేశాను కూడాను." గొంతు తగ్గించి అంది. "ఆ మాటకొస్తే నాకు అమ్మాలని అంత లేదండీ. మీ లెక్క విన్నాకే, శౌరయ్యగారంతటి మనిషే వద్దనుకున్న ఇల్లు నాకెందుకనిపించింది."

శౌరయ్య తిరిగొచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. కలం తీసుకున్నాడు. "ఈ దిగువ షెడ్యూలు ఇంటి తాలూకు ప్రతిఫలము రూ. 16,000, అక్షరాలా పదహారు వేల రూపాయలు, మీ వలన రొక్కముగా ముట్టినవి" అని రాశాడు. దస్తూరి ఎప్పటిలాగే ముత్యాల్లా వచ్చింది.

"అద్దెకున్నవాళ్ల సంగతి కూడా రాయండి" అన్నాడు మాణిక్యం ఇబ్బందిగా. "ఏమీ అనుకోకండి శౌరయ్యగారూ. మా తమ్ముడి కాపురం పెట్టాలి. కాగితం మీద ఉంటే మంచిదని."

"అనుకోవడానికేముంది" అని రాశాడు. సదరు ఇంటిలో అద్దెకున్న పుల్లయ్య కుమారుడు శౌరయ్యను నేటి లగాయతు మూడు మాసములలో ఖాళీ చేయించి ఇంటిని మీ స్వాధీనము చేయగలదానను. అడుగున సాక్షుల సంతకాలయ్యాక, రాసినవాడు పెట్టాల్సిన చోట తన సంతకం పెట్టాడు. మాణిక్యం ముప్పై రూపాయలు ఇచ్చాడు. వద్దనబోయి, తీసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి ఎలిజబెత్ బడి నుంచి వచ్చి కాఫీ కలుపుతోంది.

"రాసేశారా?"

"రాసేశాను."

"సొమ్ము ఎంత వేయించారు?"

ఎన్నో రోజుల అలవాటు ప్రశ్న అది. శౌరయ్య అబద్ధం చెబుదామనుకున్నాడు. కానీ ఆ రోజుకి అబద్ధాల కోటా అయిపోయినట్టుంది.

"పదహారు" అన్నాడు. "అరవై మూడులో పన్నెండుకు కొని పదకొండు వేయించారట."

ఎలిజబెత్ గ్లాసు కింద పెట్టింది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. బడిలో నల్లబల్ల ముందు పిల్లలకి లెక్క చెప్పేటప్పుడు అలాగే కదులుతాయి. శౌరయ్యకి ఆవిడ ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తూనే ఉంది. ఆపలేకపోయాడు.

"అయితే మీ పుస్తకాల్లో నిజం ఎంతుందండీ?" అంది చివరికి.

"పేర్లు నిజం. హద్దులు నిజం."

"నాకు రికార్డన్నారు."

ఆయన ట్రంకు పెట్టె వంక చూశాడు.

"రోజూ వచ్చి చెప్పి నవ్వేవారు కదండీ, వాడింత దాచాడు, వీడింత దాచాడని. నేనూ నవ్వేదాన్ని. ఇద్దరం నవ్వాం. ఆ ఆదివారం ఒక్కరోజు ఎలా మరిచిపోయారు?"

తన చేత్తో రాసింది కాబట్టి శౌరయ్యకి నిజమనిపించింది. అంతకు మించి ఆయనకి తెలియదు.

ఆ తరవాత రెండు నెలలు ఎలిజబెత్ బడి వదిలాక ఇళ్లు వెతికింది. మొగల్రాజపురంలో "టు లెట్" బోర్డు చూసి గుమ్మం ఎక్కితే, ఇంటావిడ చెమట తుడుచుకోమని విసనకర్ర కూడా ఇచ్చింది. పేరడిగింది. విన్నాక, "అయ్యో, నిన్ననే మా బంధువులకి మాటిచ్చామమ్మా" అంది. మర్నాడు శౌరయ్య అటు వెళితే బోర్డు అలాగే ఉంది. అలాంటి గుమ్మాలు పదకొండు ఎక్కి దిగింది. చివరికి గుణదలలో తెరేసమ్మగారి వరస ఇళ్లలో రెండు గదులు దొరికాయి. నూట డెబ్భై అద్దె. నీళ్లు రోడ్డు చివరి కుళాయి నుంచి తెచ్చుకోవాలి.

సామాను బండికెత్తిన రోజు వెంకటరత్నమ్మ రాలేదు. మాణిక్యం తమ్ముడొచ్చి తాళం చెవి కోసం అరుగు మీద కూర్చున్నాడు. బండివాడు అరవై అడిగాడు, రెండు ట్రిప్పులకి. శౌరయ్య బేరమాడబోతే ఎలిజబెత్ ఆపి, బైబిల్లోంచి ఆ మడత కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది.

"అద్దె నెలకి నలభై అయిదు ఎక్కువైంది. ఏడాదికి అయిదు వందల నలభై. బండికి అరవై. మొత్తం ఆరు వందలు" అంది. "మీ మిగులు ఇవాళ్టితో చెల్లు. బండివాడికి ఇచ్చేయండి."

శౌరయ్య జేబులోంచి అరవై రూపాయలు తీసి ఇచ్చాడు.

"ఇంకా పదకొండు గుమ్మాలు మిగిలాయండీ" అంది ఎలిజబెత్, తాళం చెవి ఆ కుర్రాడి చేతిలో పెట్టి బండి వెనకాల నడుస్తూ. "అవి ఏ పద్దు కింద రాస్తారో, తీరిగ్గా కూర్చుని మీరే చెప్పండి."